చూపు లేనివారి కోసం వీడియో సారాంశం: మీ మాటల్లో లేనిదే రాయాలి

ప్రశ్న: సైకిల్ రిపేర్ల మీద చిన్న చిన్న వీడియోలు చేస్తుంటాను. పంక్చర్ వీడియో కింద చూపు లేని ఒకాయన "మీ మాట స్పష్టంగా ఉంది, కానీ మీరు ఏం చేస్తున్నారో తెలియట్లేదు" అని రాశారు. అలాంటివాళ్ల కోసం వీడియో కింద వివరంగా సారాంశం రాద్దామనుకుంటున్నాను. ఏం రాయాలి? ఎంత రాయాలి? వీడియో నాలుగు నిమిషాలు, వెనకాల నా మాట ఉంటుంది.

సమాధానం:

తెర మీద మాత్రమే కనిపించి, మీ మాటల్లో ఎక్కడా రాని విషయాలను, అవి జరిగిన వరుసలోనే రాయండి. దానికి ముందు రెండు మూడు వాక్యాల్లో ఈ వీడియో దేని గురించి, ఎవరు కనిపిస్తారు, చివరికి ఏమవుతుంది అన్నది చెప్పేయండి. నాలుగు నిమిషాల వీడియోకి మొత్తం నూటయాభై నుంచి రెండువందల యాభై మాటలు సరిపోతాయి. మీరు నోటితో చెప్పినదాన్ని మళ్లీ రాయాల్సిన పని లేదు, అది వాళ్లకు వినిపిస్తూనే ఉంది.

నేను వీడియోలకు వర్ణనలు రాస్తుంటాను. మొదటిసారి రాసేవాళ్లలో ఎక్కువమంది వీడియో చూస్తూ రాయడం మొదలుపెడతారు. అలా రాస్తే ఏది మాటల్లో వచ్చిందో, ఏది కంటితో పట్టుకున్నారో మనకే తెలియకుండా కలిసిపోతుంది. అందుకే పని రెండు విడతలుగా చేయాలి.

మొదటి విడత: చూడకుండా వినండి. ఫోను బోర్లా పెట్టి వీడియో మొత్తం వినండి. మాటల్లో ఏమేం వచ్చిందో క్లుప్తంగా రాసుకోండి, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆపి సమయం కూడా రాసుకోండి. ఇది మీ సొంత వీడియో కాబట్టి మీకు అంతా అర్థమైనట్టే ఉంటుంది, జాగ్రత్త. మీ జ్ఞాపకమే ఖాళీలు పూరించేస్తుంది. దీనికి నేను చేసే పని ఏమిటంటే "ఇక్కడ", "అక్కడ", "ఇలా", "ఇంత", "అదిగో" వినిపించిన ప్రతిసారీ గీత పెట్టుకోవడం. నేర్పించే వీడియోల్లో వినేవాళ్లు చిక్కుకుపోయేది దాదాపు ఎప్పుడూ ఈ మాటల దగ్గరే. వాటితో పాటు మాట లేకుండా సంగీతం మాత్రమే వచ్చే చోట్లు కూడా గుర్తు పెట్టుకోండి. అర నిమిషం సంగీతం ఒక్కటే వస్తే, వినేవాళ్లకు వీడియో నడుస్తోందో, అయిపోయిందో, ఏదో ముఖ్యమైనది జరిగిపోతోందో తెలియదు.

రెండో విడత: సౌండ్ తీసేసి చూడండి. ఇప్పుడు చేతులు ఏం చేస్తున్నాయో మాత్రమే రాసుకోండి. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే, రెండో దాంట్లో ఉండి మొదటి దాంట్లో లేనిదే మీ సారాంశానికి సరుకు.

మీ వీడియో నేను చూడలేదు. కానీ ఇలాంటి పంక్చర్ వీడియో ఒకదానికి వర్ణన రాశాను కాబట్టి దాన్నే చూపిస్తాను. ఆ వీడియో కింద అంతకుముందు ఉన్నది ఇది:

> "ఈ వీడియోలో సైకిల్ పంక్చర్ ఇంట్లోనే ఎంతో సులభంగా ఎలా వేసుకోవాలో చక్కగా వివరించాం. తప్పకుండా పూర్తిగా చూడండి."

ఇది ప్రకటన. చూసేవాళ్లకైనా, వినేవాళ్లకైనా ఇందులో ఒక్క సమాచారం లేదు.

చూడకుండా విన్నప్పుడు నా కాగితం మీదకు వచ్చినవి ఇవి. చక్రం తీశాక చాలాసేపు సంగీతం. ఆ తర్వాత "అదిగో, అక్కడ్నుంచి పోతోంది గాలి". కాసేపటికి "ఇంత మేర రుద్దుకోండి". ఆ తర్వాత "సొల్యూషన్ రాసి, ఇలా అయ్యేదాకా ఆగండి". చివర్లో ప్యాచ్‌లు ఎందుకు ఊడిపోతాయో, నాసిరకం ప్యాచ్‌ని ఎలా గుర్తుపట్టాలో ఓ అర నిమిషం మాటలు. వినడానికి ఈ చివరి భాగంలో లోటేమీ లేదు, మాట నిండుగా ఉంది.

సౌండ్ తీసేసి చూస్తే తెలిసింది: సరిగ్గా ఆ అర నిమిషంలో, మాట ప్యాచ్‌ల గురించి నడుస్తుండగా, చేతులు టైరు లోపలివైపు గుడ్డతో తడిమి, ఒకచోట ఆగి, బయటి నుంచి పటకారుతో ముల్లు పీకుతున్నాయి. ముల్లు సంగతి మాటల్లో ఒక్కసారి కూడా రాలేదు. పంక్చర్ వేయడంలో దీన్ని వదిలేస్తే మిగతాదంతా దండగ, గాలి కొట్టి రెండు వీధులు తిరిగేసరికి అదే ముల్లు మళ్లీ ట్యూబులోకి దిగుతుంది. చూసేవాళ్లకు ఇది చెప్పకుండానే అందింది. వినేవాళ్లకు అసలు అలాంటి పని ఒకటి ఉందనే తెలియదు. మాటకూ బొమ్మకూ పొంతన లేకుండా నడిచే ఇలాంటి చోట్లు సంగీతం వచ్చే చోట్ల కన్నా ప్రమాదం, ఎందుకంటే ఏదో పోయిందన్న అనుమానం కూడా రాదు.

ఆ వీడియోకి నేను రాసిచ్చిన సారాంశం ఇది:

> సైకిల్ ముందు చక్రానికి పంక్చర్ వేసే వీడియో, నాలుగు నిమిషాలు. తెర మీద మొదటి నుంచి చివరి దాకా ఒక మనిషి చేతులే కనిపిస్తాయి, ముఖం కనిపించదు. చివరికి చక్రం బిగించి గాలి కొట్టి తిప్పి చూపిస్తారు.
>
> సైకిల్ సీటు, హ్యాండిల్ నేలకు ఆనేలా తలకిందులుగా ఉంటుంది. స్పానర్‌తో రెండు వైపులా నట్లు వదులు చేసి చక్రం తీస్తారు. సంగీతం వస్తున్నంతసేపూ టైరు విప్పుతుంటారు: టైరుకీ రిమ్ముకీ మధ్య ఒక లివర్ దూర్చి, దాని రెండో కొనను చక్రం పుల్లకు తగిలిస్తారు, ఇంకో లివర్‌ను అంచు వెంబడి జరుపుతూ టైరును ఒకవైపు మాత్రమే బయటికి తీస్తారు. ట్యూబును వాల్వు దగ్గర ఆఖరున లాగుతారు.
>
> ట్యూబులో గాలి నింపి, కొద్దికొద్దిగా నీళ్ల తొట్టిలో ముంచుతూ తిప్పుతారు. వాల్వుకు జానెడు దూరంలో సన్నటి బుడగలు వరుసగా వస్తాయి. తుడిచి, నల్లటి ట్యూబు మీద తెల్ల చాక్‌పీసుతో గుర్తు పెడతారు. గుర్తు చుట్టూ ప్యాచ్ కన్నా ఒక వేలి వెడల్పు ఎక్కువగా గరుకు కాగితంతో రుద్దుతారు. అంతే మేర సొల్యూషన్ పల్చగా రాస్తారు. రాసినప్పుడు తళతళలాడుతున్న సొల్యూషన్ మెరుపు పోయి మసకబారాక, ప్యాచ్ పెట్టి బొటనవేలితో మధ్య నుంచి అంచులకు నొక్కుతారు.
>
> ప్యాచ్‌ల నాణ్యత గురించి మాట్లాడుతున్నప్పుడు తెర మీద వేరే పని జరుగుతుంది: టైరు లోపలివైపు గుడ్డతో తడిమి, గుడ్డ చిక్కుకున్నచోట బయటి నుంచి పటకారుతో ముల్లు తీస్తారు. ట్యూబుకు కొంచెం గాలి కొట్టి టైరులోకి తోసి, టైరు అంచును బొటనవేళ్లతో లోపలికి నొక్కుతారు. చివర్లో తెర మీద ఈ అక్షరాలు కనిపిస్తాయి: "టైరు పక్కన రాసిన ఒత్తిడికి మించి గాలి కొట్టకండి."

ఇందులో కొన్నిచోట్ల ఎందుకలా రాశానో చెబుతాను. మీ వీడియోకి అవే పనికొస్తాయి.

"అదిగో, అక్కడ" అన్నచోట చాలామంది "తెరకు కుడివైపు" అని రాస్తారు. తెర కనిపించనివాళ్లకు తెరలో కుడి, ఎడమ ఎందుకు? వస్తువుకు దాని మీదే ఉన్న ఆనవాలుతో చోటు చెప్పండి. ట్యూబు మీద చేతికి తప్పకుండా తగిలేది వాల్వు. అందుకే దూరం వాల్వు నుంచి చెప్పాను, అదీ జానెడు, వేలి వెడల్పు అని. టేపు పెట్టి కొలవక్కర్లేకుండా చేత్తో పట్టుకోగల కొలతలు ఇవి. బుడగలు ఒక్కో ట్యూబుకు ఒక్కోచోట వస్తాయి కాబట్టి ఆ జానెడు ఎవరికీ పనికిరాదు అనిపించవచ్చు. పనికొస్తుంది. ట్యూబులో చిల్లి వాల్వుకు ఎంత దూరంలో ఉందో తెలిస్తే, టైరులో ముల్లు కూడా వాల్వు రంధ్రానికి దాదాపు అంతే దూరంలో, ఇటో అటో ఉంటుంది. తడమాల్సిన చోటు బాగా తగ్గిపోతుంది.

"ఇలా అయ్యేదాకా" అన్నది అన్నిటికన్నా కష్టమైన చోటు. తెర మీద కనిపించేది మెరుపు పోవడం. సారాంశంలో అదే రాశాను, ఎందుకంటే వీడియోలో ఉన్నది అదే. కానీ పూర్తిగా చూపు లేనివాళ్లకు మెరుపు పోయిందో లేదో తెలిసే దారి లేదు. వాళ్లకు కావలసింది వేలితో తెలిసే గుర్తు: సొల్యూషన్ రాసిన మేరలో అంచు దగ్గర, ప్యాచ్ పడని చోట, వేలితో తాకితే జిగటగా పట్టుకోవాలి కానీ వేలికి అంటుకుని రాకూడదు. నడుమ తాకితే చేతి జిడ్డు, దుమ్ము అంటి ప్యాచ్ సరిగా పట్టదు. గాలి ఎక్కడ పోతోందన్నదీ అంతే. బుడగలు కనిపించనివాళ్లు ట్యూబును చెంపకో పెదవికో దగ్గరగా పెట్టుకుని తిప్పితే సన్నటి గాలి తగులుతుంది, నిశ్శబ్దంగా ఉన్నచోట బుస్సుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది.

మరి ఇవి సారాంశంలో రాయాలా? వేరొకరి వీడియోకి రాస్తుంటే రాయకండి. వర్ణన రాసేవాడు వీడియోలో లేనిది కలపకూడదు. కలిపితే చదివినవాళ్లు అది వీడియోలో వస్తుందని ఎదురుచూస్తారు. మీ వీడియోకి మీరే యజమాని కాబట్టి రాయొచ్చు, కాకపోతే సారాంశం అయిపోయాక "వీడియోలో లేని రెండు సూచనలు" అని వేరుగా పెట్టండి. నన్నడిగితే ఆ రెండు వాక్యాలే మీకు కామెంటు పెట్టినాయనకు ఎక్కువ అక్కరకొస్తాయి.

తెర మీద కనిపించే అక్షరాలను మాత్రం ఉన్నది ఉన్నట్టు దింపాలి. "చివర్లో ఒక హెచ్చరిక వస్తుంది" అని రాయడం పని ఎగ్గొట్టడమే. ఏం హెచ్చరికో చెప్పాలి. అంకెలైతే మరీను.

రంగుల గురించి తరచూ అడుగుతుంటారు, చూపు లేనివాళ్లకు రంగులెందుకని. చూపు లోపం ఉన్నవాళ్లలో అసలేమీ కనిపించనివాళ్లు తక్కువ. మసకగానో, ఒక పక్కనో, బాగా దగ్గరికి పెట్టుకుంటేనో కొంత కనిపించేవాళ్లే ఎక్కువ. "నల్లటి ట్యూబు మీద తెల్ల గుర్తు" అంటే వాళ్లు తెర మీద దాన్ని వెతుక్కోగలరు. పనిలో పాలు ఉన్న రంగే రాయండి. నేల మీద పరిచిన గోనెపట్టా ఏ రంగో నేను రాయలేదు, దానితో ఎవరికీ పని లేదు.

"చక్కగా", "నేర్పుగా", "జాగ్రత్తగా" లాంటివి అన్నీ కొట్టేయండి. జాగ్రత్తగా చేశారని చెప్పే బదులు ఏం చేశారో చెబితే, జాగ్రత్త అవునో కాదో వాళ్లే తేల్చుకుంటారు. ఈ నియమాన్ని మరీ బిగించేవాళ్లూ ఉన్నారు. మనిషి నవ్వితే "పెదవులు సాగదీశాడు" అని రాస్తారు. అది చదవడానికి విడ్డూరంగా ఉంటుంది. నవ్వితే నవ్వాడనే రాయండి, ఎందుకు నవ్వాడో ఊహించి రాయకండి, అంతే.

క్రియలు వర్తమానంలో పెట్టండి: తీస్తారు, రుద్దుతారు, నొక్కుతారు. "మనం చూడవచ్చు", "తెరపై కనిపిస్తుంది" అని వాక్యానికోసారి రాయకండి. ఒక్కచోట మాత్రం, మాటకూ బొమ్మకూ పొంతన లేనప్పుడు, "తెర మీద వేరే పని జరుగుతుంది" అని చెప్పక తప్పదు. ముఖం కనిపించదని ముందే చెప్పడం కూడా అందుకే, లేకపోతే మనిషి ఎలా ఉంటాడో వర్ణన వస్తుందేమోనని చూస్తుంటారు.

ఎంత రాయాలన్న దానికి కారణం కూడా తెలిస్తే మంచిది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వినేవాళ్లు పేజీని పైనుంచి కిందకి ఓ చూపు చూసి కావలసింది ఏరుకోలేరు. వాక్యం తర్వాత వాక్యంగా వస్తుంది. వేగంగా పెట్టుకుని వింటారు నిజమే, కానీ వరుస మాత్రం మారదు. అందుకే తేల్చే సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి, ఇక్కడే ఆపేసినా నష్టం లేదనిపించాలి. పేరాలు చిన్నవిగా ఉంటే ఒక పేరా నుంచి ఇంకో పేరాకి దూకడం వాళ్లకు తేలిక.

ఎక్కడ పెట్టాలంటే, డిస్క్రిప్షన్ బాక్సులో అన్నిటికన్నా పైన. యూట్యూబ్‌లో డిస్క్రిప్షన్ మొదటి కొన్ని అక్షరాలు మాత్రమే చూపించి మిగతాది మడిచేస్తుంది. అక్కడ సబ్‌స్క్రైబ్ చేయమనీ, ఇతర లింకులనీ పెడితే సారాంశం ఉందనే తెలియదు. మొత్తం 5000 అక్షరాల దాకా పడుతుంది కాబట్టి చోటుకు ఇబ్బంది లేదు. ఎమోజీలు వద్దు, స్క్రీన్ రీడర్ ఒక్కోదాని పేరూ చదువుకుంటూ పోతుంది. సారాంశాన్ని బొమ్మగా చేసి పెట్టడం అసలే వద్దు. అడుగున సమయాలు కూడా రాస్తే (మొదటిది 00:00 అయ్యుండాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు) వీడియో భాగాలుగా విడిపోతుంది, "ముల్లు తీయడం" అన్న చోటికి నేరుగా వెళ్లొచ్చు.

మీ సొంత వెబ్‌సైటులో కూడా పెడుతుంటే, పేజీ భాష ఇంగ్లిష్ అని ఉందేమో చూసుకోండి. అలా ఉంటే తెలుగును స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తికమక చేయొచ్చు, కొన్ని గొంతులు తెలుగు అక్షరాలను వదిలేస్తాయి కూడా. సారాంశం ఉన్న భాగానికి భాష చెబితే చాలు:

```
<div lang="te"> సారాంశం ఇక్కడ </div>
```

రాశాక సరిచూసుకోవడం ఎలా? వీడియో చూడని ఒకరికి సారాంశం చదివి వినిపించి, ఆ తర్వాత వీడియో శబ్దం మాత్రం వినిపించండి. స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు దొరికితే ఇంకా మంచిది, మీకు కామెంటు పెట్టినాయన్నే అడగొచ్చు. "బాగుందా?" అని మాత్రం అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. "ట్యూబు లోపల పెట్టే ముందు ఏం చేయాలి?" అని అడగండి. "టైరు తడిమి ముల్లు తీయాలి" అని జవాబొస్తే సారాంశం పని చేసినట్టు. "ప్యాచ్ మంచిదో కాదో చూసుకోవాలి" అంటే ఆ పేరా మళ్లీ రాయాలి.

సారాంశం ఆడియో డిస్క్రిప్షన్‌కి బదులు కాదు. ఆడియో డిస్క్రిప్షన్ అంటే మాటల మధ్య ఖాళీల్లో ఇంకో గొంతు తెర మీద జరిగేది చెప్పడం, అది వీడియోతో పాటే వినిపిస్తుంది. సారాంశం ముందో వెనకో చదువుకోవాలి, ఏది ఎప్పుడు జరుగుతోందో గుర్తు పెట్టుకోవాలి. వెబ్ పేజీలకు అందరూ వాడే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో కనీస స్థాయి ఏ లో, మాట ఉన్న రికార్డు వీడియోకి ఆడియో డిస్క్రిప్షన్ గానీ, మాటలూ దృశ్యాలూ అన్నీ వరుసగా రాసిన పూర్తి పాఠం గానీ ఉండాలి. దాని పై స్థాయి డబుల్ ఏ లో ఆడియో డిస్క్రిప్షనే కావాలి. మన రెండువందల మాటల సారాంశం ఈ రెండింటిలో దేనికిందకీ రాదు. ఏదైనా సంస్థ కోసం చేస్తుంటే ఈ తేడా ముందే చెప్పేయండి.

అయితే తెర మీది సంగతులన్నీ అసలు మాటల్లోనే వచ్చేస్తే వేరే వర్ణన అక్కర్లేదు. మీలాంటివాళ్లకు దీర్ఘకాలంలో తక్కువ శ్రమ అదే. వచ్చే వీడియో రికార్డు చేసేటప్పుడు "అదిగో అక్కడ" అనే బదులు "వాల్వుకు జానెడు దూరంలో బుడగలు వస్తున్నాయి" అనండి, "ఇలా అయ్యాక" అనే బదులు "మెరుపు పోయి, వేలికి జిగటగా తగిలాక" అనండి. నిమిషానికి రెండు మూడు సెకన్లు పెరుగుతుందేమో. చేతులు తడితోనో గ్రీజుతోనో ఉండి సరిగ్గా తెర వైపు చూడలేని మామూలు ప్రేక్షకులకూ అది పనికొస్తుంది.

పాత వీడియోల సంగతి: అన్నీ ఒకేసారి ముందేసుకోకండి. మీ మాట నిండుగా ఉన్నవాటికి పైన చెప్పిన పద్ధతిలో సారాంశం చాలు. కేవలం సంగీతం పెట్టి చేసినవి ఏవైనా ఉంటే ముందు వాటిని పట్టుకోండి. వాటికి మాత్రం రెండువందల మాటల లెక్క వర్తించదు. అక్కడ వినడానికి ఏమీ లేదు కాబట్టి, ఏ పనిముట్టు, ఏ చేయి, ఏ వరుస, ఎంతసేపు అన్నది మొత్తం రాయాలి, ఆ పాఠం చదివి చక్రం విప్పి బిగించగలిగేంత వివరంగా.